పొద్దున పూట మెసేజ్

బిడ్డా,

మొన్న నువ్వు మీ ఆఫీసు అబ్బాయి మెసేజులున్న ఫోన్ నా చేతికిచ్చి "చదువు పెద్దమ్మా, తాగినప్పుడే ఇట్లా రాస్తాడు, నేనంటే నిజంగా ఇష్టమేనా, నువ్వే చెప్పు" అన్నావు కదా. నేను మాటలకంటే ముందు వాటి పక్కనున్న టైం చూశాను. రెండు నెలల్లో అతను తీపిగా రాసినవి తొమ్మిది మెసేజులు. తొమ్మిదీ రాత్రి పదిన్నర దాటినాకనే, తొమ్మిదీ దావత్ ఉన్న రోజులే. కాజీపేటలో మీ ఫ్రెండ్ గృహప్రవేశం రాత్రి 11:40కి "ఆ పచ్చ చీరలో నిన్ను చూస్తుంటే ఇంటికి పోబుద్ధి కాలే" అని రాశాడు. సోమవారం ఆఫీసులో ప్రింటర్ దగ్గర ఎదురుపడితే కాగితాలు చూసుకుంటూ పోయాడన్నావు.

"తాగినోడు నిజమే చెప్తాడు" అని మన దగ్గర ఒక మాట ఉంది. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పాను. ఆ మాట సగమే నిజం. 1990లో క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు మందు ప్రభావాన్ని హ్రస్వదృష్టితో పోల్చారు. దగ్గరిది బాగా కనిపిస్తుంది, దూరంది మసకబారుతుంది. రెండు పెగ్గులు పడ్డాక ఎదురుగా ఉన్న నువ్వు, నీ నవ్వు, అక్కడి పాట, అంతే కనిపిస్తాయి. రేపు ఆఫీసు, నలుగురి మాటలు, ఇంట్లో చూస్తున్న సంబంధాలు, ఇవన్నీ మసక. కాబట్టి నువ్వంటే అతనికి ఇష్టం ఉండి ఉండొచ్చు. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ ఇష్టాన్ని ఆపుతున్నది కూడా అతని మనసులోదే. మందు దాన్ని తీసేయలేదు, కాసేపు కనపడకుండా చేసింది. తెల్లారితే మళ్లీ అక్కడే ఉంటుంది.

"నాకేం యాది లేదు" అన్నాడట. ఖాళీ కడుపున గబగబా తాగితే అట్లా అవుతుంది, మనిషి నడుస్తాడు, మాట్లాడుతాడు, మెదడులో మాత్రం ఏదీ నిలవదు. అది నమ్ముదాం. కానీ బిడ్డా, మెసేజ్ అతని ఫోన్‌లోనూ ఉంది కదా! పొద్దున లేచి చాయ్ తాగుతూ చదివే ఉంటాడు. చదివినాక ఏం చేశాడన్నదే నాకు కావాలి. "రాత్రి ఎక్కువ మాట్లాడిన, ఏమనుకోకు" అన్నా అది ఒక మనిషి మాట. తొమ్మిదిసార్లూ ఏమీ అనలేదంటే, అది మందు పని కాదు. సోయిలో ఉండి తీసుకున్న నిర్ణయం.

సిగ్గేమో అంటావు. సిగ్గుపడే మనిషి నాకు తెలుసు, మీ పెదనాన్నే. పెళ్లికి ముందు నాతో నాలుగు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు. కానీ నాకు పల్లీ చట్నీ పడదని ఎప్పుడో అన్న మాట గుర్తుపెట్టుకుని హోటల్లో నా ప్లేటు నుంచి గిన్నె పక్కకు జరిపాడు. సిగ్గున్నోడికి మాట రాదు, ధ్యాస మాత్రం నీ మీదే ఉంటుంది. ఇతను నీకు జ్వరమొచ్చి మూడు రోజులు సెలవు పెడితే ఎట్లున్నావని అడిగాడా? ఇంకోటి, దావత్‌లో నీతోనే అట్లుంటాడా, పక్కన ఎవరున్నా అంతేనా? నీ ఫ్రెండ్‌ను అడుగు, నీ కళ్లతో చూసింది లెక్కకు రాదు.

ఇక నువ్వు చేయాల్సింది ఒకటే. మంగళవారమో బుధవారమో, పగటిపూట, మామూలుగా అడుగు: "శనివారం పొద్దున ఏడింటికి భద్రకాళి బండ్ మీద నడుద్దామా, తర్వాత చాయ్." రోజు, టైం, జాగా చెప్పి అడగాలి. "ఎప్పుడన్నా కలుద్దాం" అంటే అతనికి తప్పించుకోవడం తేలిక. శనివారం కుదరదు, ఆదివారం వస్తానంటే మంచిదే, రానియ్యి. "చూద్దాం" అంటే వారం ఆగి ఇంకోసారి అడుగు. రెండోసారీ "చూద్దాం" అంటే జవాబు వచ్చేసినట్టే. ఎందుకని మాత్రం అడగకు. ఇంకెవరన్నా ఉండొచ్చు, ఒకే ఆఫీసని భయం కావొచ్చు, ఆ కారణం తెలుసుకునే పని నీది కాదు.

తాగి ఉన్నప్పుడు మాత్రం తేల్చుకోకు, నువ్వు తాగినా అతను తాగినా. అప్పుడు వచ్చిన "అవును" మీద ఏదీ కట్టలేం, చెయ్యి పట్టుకోవడం కూడా. వచ్చే దావత్‌లో మళ్లీ మొదలుపెడితే నవ్వుతూనే "ఈ మాట సోమవారం చాయ్ టైంలో చెప్పు" అని లేచి మీ ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్లు. రాత్రి మెసేజ్‌కు రాత్రి జవాబు ఇయ్యకు, పొద్దున పదింటికి ఇయ్యి.

నీ చార్జర్ మా ఇంట్లోనే మర్చిపోయావు. ఆదివారం వచ్చి తీసుకపో, సకినాలు చేసి పెడతా.

మీ పెద్దమ్మ,
హనుమకొండ