అంగిట్లో తెల్లమచ్చ, మధ్యలో ఎరుపు: ముక్క తీయించాలా?

"భీమిలి నుంచి రాస్తున్నాను. మా అమ్మకు 62 ఏళ్లు, అడ్డపొగ అలవాటు. అంగిట్లో తెల్లమచ్చ, మధ్యలో ఎర్రగా ఉంది. నొప్పి లేదు. డాక్టరు ముక్క తీయాలంటున్నారు. కోస్తే ముదురుతుందని బంధువుల భయం."

ముక్క తీయించండి, ఆలస్యం చేయకండి. బయాప్సీతో జబ్బు ముదరదు. నొప్పి లేదన్న ధైర్యం వద్దు. ఈ మచ్చలు మొదట్లో నొప్పి పుట్టించవు.

అడ్డపొగలో చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకోవడంతో వేడీ పొగా నేరుగా అంగిటికే తగులుతాయి. పైపొర మందమెక్కితే తెల్లగా కనిపిస్తుంది. అదే పొర పలచబడితే కింది రక్తనాళాలు ఎర్రగా తెలుస్తాయి. నన్ను భయపెట్టేది ఆ ఎరుపే. తెల్లమచ్చల్లో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు. ఎర్రమచ్చల్లో మాత్రం ముక్క తీసేసరికే తీవ్రమైన కణమార్పులో, క్యాన్సరో తరచూ బయటపడతాయి.

అందుకే ముక్కను ఎర్రటి చోటు నుంచి తీస్తున్నారా అని అడగండి. తెల్లటి అంచు నుంచే తీస్తే రిపోర్టు బాగానే వచ్చి, అసలు జబ్బు లోపలే ఉండిపోవచ్చు.

మా పెద్దమ్మకూ ఇలాంటి తెల్లమచ్చే వచ్చింది. మొదటి రిపోర్టులో కణమార్పు లేదు. అయినా మూడు నెలలకోసారి చూపించాం, ప్రతిసారీ ఫోనులో ఫొటో తీశాం. ఏడాది దాటాక, తెలుపులో కందిగింజంత ఎరుపు ఫొటోలు పోల్చినప్పుడే కనిపించింది. మళ్లీ బయాప్సీ చేస్తే తీవ్ర డిస్‌ప్లేసియా, అంటే తీవ్రమైన కణమార్పు అని తేలింది. కోసి తీసేశారు. మచ్చ తిరిగి రావచ్చు కనుక ఇప్పటికీ చూపిస్తున్నాం.

అమ్మగారి చేత చుట్ట ఈరోజే మాన్పించండి. మానాక తెలుపు తగ్గినా బయాప్సీ వాయిదా వేయకండి. విశాఖ కేజీహెచ్‌లో గానీ, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ చూపించవచ్చు.