చెయ్యి వణకడం మంచి సూచనే: ఫాబ్రిక్, సీసీడీ ప్రాజెక్ట్ గురించి

*సార్, నేను బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. గేమ్ యానిమేషన్ ప్రోగ్రామర్ అవ్వాలని ఉంది, రోబోటిక్స్ అన్నా ఇష్టమే. ప్రాజెక్ట్‌గా ఫాబ్రిక్, సీసీడీ అనే రెండు ఇన్వర్స్ కైనమాటిక్స్ సాల్వర్లను, అంటే కొస ఎక్కడికి చేరాలో చెబితే జాయింట్లు ఎంతెంత వంగాలో కనుక్కునే కోడ్‌ను, ఎన్ని జాయింట్లున్నా పనిచేసేలా 2డీలో సొంతంగా రాస్తున్నాను. లిమిట్లు లేనప్పుడు రెండూ బాగానే ఉన్నాయి. మోచేతికి 0 నుంచి 150 డిగ్రీలని లిమిట్ పెట్టగానే ఫాబ్రిక్‌లో చెయ్యి వణుకుతోంది. సీసీడీలోనేమో కొస వైపు ముడుచుకుపోతోంది. ఫ్రెండ్స్ "అది ఇంజిన్‌లో ఉండేదే కదా, వదిలెయ్" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. వదిలేసి వేరే ప్రాజెక్ట్ పట్టుకోవాలా?*

వదలొద్దు. మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజం. యూనిటీ 2డీ ఐకేలో ఈ రెండు సాల్వర్లూ ఉన్నాయి, అన్‌రియల్ ఇంజిన్‌లోనూ ఉన్నాయి. కాబట్టి "సాల్వర్ రాశాను" అన్న ఒక్క మాటకు ఇంటర్వ్యూలో పెద్ద విలువ ఉండదు. లిమిట్ పెట్టగానే ఎందుకు వణికింది, ఎలా కనిపెట్టారు, ఎలా సరిచేశారు అన్నది చెప్పగలిగితే మాత్రం ఉంటుంది. మీరు సరిగ్గా ఆ చోటే ఆగారు.

ముందు సీసీడీ సంగతి చూద్దాం. 1991లో వాంగ్, చెన్ రోబో చేతుల కోసం ప్రతిపాదించిన పద్ధతి ఇది. కొస దగ్గరి జాయింట్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా మొదలు వైపు వస్తాం. ప్రతి జాయింట్ దగ్గర అక్కడి నుంచి కొసకు ఒక గీత, టార్గెట్‌కు ఒక గీత ఊహించుకుని, మొదటిది రెండోదాని మీద పడేలా తిప్పుతాం. లిమిట్ దాటితే అంచు దగ్గర ఆపేస్తాం. అంతే.

```python
def ccd_pass(L, th, lim, T):
    for i in reversed(range(len(L))):
        p = fk(L, th)
        ex, ey = p[-1][0]-p[i][0], p[-1][1]-p[i][1]
        tx, ty = T[0]-p[i][0], T[1]-p[i][1]
        d = atan2(ex*ty - ey*tx, ex*tx + ey*ty)
        lo, hi = lim[i]
        th[i] = min(hi, max(lo, th[i] + d))
```

ఇందులో `fk` అంటే కోణాలు ఇస్తే జాయింట్ల స్థానాలు ఇచ్చే ఫంక్షన్. `th[i]` ముందు లింక్‌తో పోల్చిన కోణం, నేల నుంచి కొలిచినది కాదు. ఇలా ఉంచుకుంటే లిమిట్ వేయడం ఒక్క లైన్ పని. `atan2` రేడియన్లలో ఇస్తుంది కాబట్టి కోడ్‌లో `th`, `lim` కూడా రేడియన్లలోనే ఉంచండి, ఇక్కడ చదవడానికి వీలుగా డిగ్రీల్లో చెబుతున్నాను.

దీన్ని ఒకసారి కాగితం మీద చేసి చూడండి. లింకుల పొడవులు 2, 2, 1. మొదలు (0,0) దగ్గర, చైన్ వంపు లేకుండా x అక్షం మీద ఉంది కాబట్టి కొస (5,0). మొదటి జాయింట్‌కు లిమిట్ లేదు, రెండోదానికి ±90, మూడోదానికి ±60. టార్గెట్ (2,3). మూడో జాయింట్ (4,0) దగ్గర లెక్క 123.7 డిగ్రీలు తిరగమంటుంది. లిమిట్ 60 దగ్గర ఆపుతుంది, కొస (4.5, 0.866)కి వస్తుంది. రెండో జాయింట్ 70.9 డిగ్రీలు తిరుగుతుంది, కొస (2, 2.646). మొదటి జాయింట్‌కు ఇక మిగిలింది 3.4 డిగ్రీలే. ఒక రౌండ్ అయ్యేసరికి టార్గెట్‌కు దూరం 0.29. రెండో రౌండ్‌లో మూడో జాయింట్ 14.9 డిగ్రీలు వెనక్కి తగ్గి 45.1కి వస్తుంది, ఆ ఒక్క అడుగుతోనే దూరం 0.1కి పడిపోతుంది.

మీ కొస ఎందుకు ముడుచుకుంటుందో ఈ అంకెల్లోనే ఉంది. పనంతా ముందు కొస వైపు జాయింట్లే మింగేస్తున్నాయి, మొదటిదానికి దాదాపు ఏమీ మిగలట్లేదు. మందు సులువే. ఒక్కో అడుగులో `d`ని 5 లేక 10 డిగ్రీలకు మించనివ్వకండి. రౌండ్లు ఎక్కువ పడతాయి కానీ వంపు చైన్ అంతా పంచుకుంటుంది. పోయిన ఫ్రేమ్ జవాబునే ఈ ఫ్రేమ్‌కు ఆరంభంగా వాడితే, టార్గెట్ కొంచెం కొంచెంగా కదిలే యానిమేషన్‌లో ఆ అదనపు రౌండ్లు పెద్దగా తెలియవు.

చైన్ పొడవు గురించి ఒక మాట. పైన ప్రతి జాయింట్‌కూ `fk` మళ్లీ పిలుస్తున్నాం కాబట్టి 100 లింకుల తోకకు ఇది బరువవుతుంది. నిజానికి కొస నుంచి వెనక్కి వస్తున్నప్పుడు ఇంకా వంతు రాని జాయింట్లు కదలవు. దాటేసినవి కదిలినా ఆ రౌండ్‌లో వాటితో మళ్లీ పనిలేదు, కావాల్సింది కొస ఒక్కటే. కాబట్టి రౌండ్‌కు ఒకసారి `fk` పిలిచి, ఆపైన కొస బిందువును మాత్రం తిప్పుకుంటూ పోవచ్చు. అలా చేస్తే లెక్క అడిగిన `d`తో కాకుండా, లిమిట్ తర్వాత నిజంగా తిరిగిన కోణంతోనే కొసను తిప్పాలి. ఇది మర్చిపోతే లిమిట్లు లేనప్పుడు కోడ్ చక్కగా నడుస్తుంది, పెట్టగానే చెడిపోతుంది.

ఇక అసలు మీ వణుకు. ఫాబ్రిక్‌ను ఆండ్రియాస్ అరిస్టిడూ, జోన్ లాసెన్‌బీ 2011లో ప్రచురించారు. ఇందులో కోణాలు ఉండవు, బిందువులే. కొసను టార్గెట్ మీద పెట్టి లింకు పొడవులు చెడకుండా మొదలు వైపు బిందువులను లాక్కొస్తాం. ఆ తర్వాత మొదలును తన చోట తిరిగి పెట్టి మళ్లీ కొస వైపు వెళ్తాం. కోణాలు లేనందువల్ల లిమిట్ కోసం ప్రతి చోటా లింకు దిశను `atan2`తో తీయాలి. జాయింట్‌కు మొదలు వైపున్నది తల్లి లింక్, కొస వైపున్నది పిల్ల లింక్ అనుకుందాం. కొస వైపు వెళ్లేటప్పుడు తల్లి లింక్ స్థిరపడి ఉంటుంది, పిల్ల లింక్‌ను సవరిస్తాం. మొదలు వైపు వచ్చేటప్పుడు పిల్ల స్థిరం, తల్లిని సవరించాలి. తిరకాసు ఇక్కడే ఉంది.

పిల్ల దిశ 100 డిగ్రీలు, లిమిట్ 0 నుంచి 150 అనుకోండి. పిల్ల కోణంలోంచి తల్లి కోణం తీసేస్తే వచ్చేది 0, 150 మధ్య ఉండాలి. అంటే తల్లి -50 నుంచి 100 మధ్య ఉండాలి. చాలామంది ముందు రాసిన లైన్‌నే కాపీ చేసి 100కి `lo`, `hi` కలుపుతారు. అప్పుడు తల్లిని 100 నుంచి 250 మధ్యకు నెడుతుంది, మోచెయ్యి రెండో వైపుకు వంగుతుంది. లిమిట్ ±60 లాగా రెండు వైపులా సమానంగా ఉంటే ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే కలిపినా తీసేసినా వచ్చే హద్దులు ఒకటే. మోచెయ్యి, మోకాలు లాంటి ఒక వైపు జాయింట్ దగ్గరే దొరికిపోతుంది. సరైన రెండు లైన్లు ఇవి:

```python
# కొస వైపు వెళ్లేటప్పుడు
child_a = parent_a + clamp(wrap(child_a - parent_a), lo, hi)
# మొదలు వైపు వచ్చేటప్పుడు
parent_a = child_a - clamp(wrap(child_a - parent_a), lo, hi)
```

మీ కోడ్‌లో ఉన్నది ఇదే తప్పని నేను చూడకుండా చెప్పలేను, కానీ లక్షణాలు సరిపోతున్నాయి. ఎలా తెలుసుకోవాలంటే, ప్రతి రౌండ్ చివర కోణాలు, టార్గెట్‌కు దూరం ప్రింట్ చేయండి. కోణాలన్నీ లిమిట్లోనే ఉండి, దూరం మాత్రం తగ్గకుండా ఎగుడుదిగుడుగా ఊగుతుంటే దీన్నే అనుమానించాలి. మొదలు వైపు వచ్చే దశ చేతిని తప్పు వైపుకు మడుస్తోంది, కొస వైపు వెళ్లే దశ దాన్ని సరిచేస్తోంది. ఆఖరి దశ సరిగ్గా ఉంది కాబట్టి బొమ్మలో తప్పేమీ కనపడదు, వణుకే కనపడుతుంది.

ఆ `wrap` పని కోణాన్ని -180, 180 మధ్యకు తేవడం. ఫాబ్రిక్‌లో అది లేకపోతే తల్లి 170, పిల్ల -170 ఉన్నప్పుడు తేడా 20 బదులు -340 వస్తుంది. సీసీడీలో మాత్రం దాన్ని పెట్టకండి. అక్కడ కోణం 170 ఉండి, లిమిట్ ±175 అయి, 20 కలిపితే 175 దగ్గర ఆగాలి. `wrap` పెడితే 190 కాస్తా -170 అయి, నిషేధించిన చోటును దూకేసి అవతల తేలుతుంది. తెర మీద చెయ్యి ఒక్క ఫ్రేమ్‌లో ఎగిరిపడినట్టు కనిపిస్తుంది.

ఈ రెండూ సరిచేశాక కూడా కొన్ని టార్గెట్లను సాల్వర్ చేరదు. అది ప్రతిసారీ బగ్ కాదు. లింకుల మొత్తం పొడవుతో పోల్చి "అందుతుంది" అనే చెక్ లిమిట్లు వచ్చాక సరిపోదు. పై ఉదాహరణలో మొత్తం పొడవు 5. కానీ రెండు జాయింట్లనూ పూర్తిగా ఒకే వైపు వంచినా కొస మొదలుకు 2.74 కంటే దగ్గరికి రాలేదు. 2 దూరంలో టార్గెట్ పెడితే చెక్ పాస్ అవుతుంది, చెయ్యి మాత్రం ఎన్ని రౌండ్లు తిప్పినా అందదు. ఇంకోటి, వంపు లేని ఆ చైన్‌కు టార్గెట్‌ను (4.5, 0) దగ్గర పెట్టి చూడండి. సీసీడీలో ప్రతి జాయింట్‌కూ `d` సున్నా. ఫాబ్రిక్‌లో బిందువులు గీత మీదే ముందుకూ వెనక్కీ జరిగి మళ్లీ (5, 0)కే వస్తాయి. మొదట్లోనే చిన్న వంపు ఇస్తే రెండూ కదులుతాయి. ఆ వంపు మోచేతి లిమిట్ వంగనిచ్చే వైపే ఇవ్వాలి సుమా.

అందని టార్గెట్‌ను, సాల్వర్ తప్పును విడదీసే టెస్ట్ ఒకటి రాయండి. నా దృష్టిలో ప్రాజెక్ట్ మొత్తంలో ఎక్కువ విలువైన భాగం ఇదే. లిమిట్ల లోపల యాదృచ్ఛికంగా కోణాలు తీసుకోండి, `fk`తో కొస ఎక్కడుందో కనుక్కోండి, ఆ చోటునే టార్గెట్‌గా ఇవ్వండి. జవాబు ఉందని మీకు ముందే తెలుసు కాబట్టి చేరకపోతే లోపం సాల్వర్‌దే. 2, 3, 10, 50 లింకులతో, ఒక వైపు లిమిట్లతో వేల టార్గెట్లు నడిపి, రెండు సాల్వర్లూ ఎన్నింటిలో ఆగిపోయాయో రాసుకోండి. సున్నా రాదు. లిమిట్లు పెట్టాక చేరుతుందనే గ్యారంటీ ఈ రెండింటికీ లేదు. ఆగిపోయిన వాటిని వేరే ఆరంభ భంగిమ నుంచి మళ్లీ మొదలుపెడితే ఎన్ని చేరాయో కూడా పక్కన రాయండి. సాల్వర్ "చేరాను" లేక "చేరలేదు" అని చెప్పాలి, చేరనప్పుడు అప్పటిదాకా వచ్చిన వాటిలో మేలైన భంగిమ తిరిగివ్వాలి.

రెజ్యూమెలో ఆ పట్టికలోని అంకెలు పెట్టండి, గిట్‌హబ్‌లో మోచేతి బగ్ ముందూ తర్వాతా వీడియో పెట్టండి. హైదరాబాద్ గేమ్ స్టూడియోల్లో ఇంటర్వ్యూకు వెళ్తే తర్వాతి ప్రశ్న 3డీ గురించే వస్తుందనుకోండి. అక్కడ భుజం లాంటి బంతి జాయింట్‌కు ఊగడం, మెలిక అని రెండు వేర్వేరు లిమిట్లు ఉంటాయి. ఫాబ్రిక్ బిందువులకు మెలిక సంగతి తెలియదు, దాన్ని మీరు విడిగా మోయాలి. ఈ ఒక్క విషయం అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు, 3డీ మొత్తం రాసి ఉండాల్సిన పనిలేదు.

రోబోటిక్స్ మాటకొస్తే, ఫ్యాక్టరీల్లోని ఆరు అక్షాల చేతులకు సాధారణంగా కోణాలను నేరుగా ఇచ్చే సూత్రాలో, జాయింట్ కొంచెం కదిలితే కొస ఎంత కదులుతుందన్న లెక్కతో నడిచే జాకోబియన్ పద్ధతులో వాడతారు, ఎందుకంటే అక్కడ కొస ఎక్కడుందన్నదే కాకుండా ఏ దిశలో ఉందన్నదీ ముఖ్యం. ఆ వైపు వెళ్లాలనిపిస్తే కొత్త ప్రాజెక్ట్ అక్కర్లేదు. ఇదే టెస్ట్‌కు మూడో సాల్వర్‌గా, జాకోబియన్ పద్ధతుల్లో ఒకటైన డ్యాంప్డ్ లీస్ట్ స్క్వేర్స్ రాసి, అవే టార్గెట్ల మీద నడిపి చూడండి. ముందు మాత్రం ఆ మోచేతి లైన్ చూసుకోండి.