డాక్టర్ సలహా: రక్తం కాస్త పెరిగింది, ఐరన్ మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34, బరువు 48 కిలోలు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. ఆయాసం వస్తోందని టెస్ట్ చేయిస్తే రక్తం 8.2 ఉందన్నారు. రోజుకో ఐరన్ మాత్ర రాశారు. పొద్దున టీ తాగేటప్పుడే వేసుకుని పనికి పోతాను. అయిదు వారాలకు 9.4 అయింది, ఆయాసం తగ్గింది. కానీ మలం నల్లగా వస్తోంది, అది కూడా మూడు రోజులకోసారే. కడుపులో పుండు పడిందేమో, మాత్రలు ఆపేయమని మా అత్త గొడవ. మందుల షాపులో విటమిన్ సి మాత్ర కూడా కలిపి వాడమన్నారు. ఆపేయొచ్చా? లేకపోతే ఇంకెన్నాళ్లు వాడాలి?

జవాబు: ఆపకండి అమ్మా. మీ అత్తగారి భయం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఐరన్ మాత్రలు మానేసేది ఆ రంగు చూసే.

మాత్రలో ఉన్న ఐరన్‌లో ఒంటికి పట్టేది కొంచెమే. మిగిలినదంతా పేగుల్లో ఉండిపోయి, అక్కడి గంధకంతో కలిసి నల్లబడి మలంతో బయటికి వస్తుంది. ఈ నలుపులో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, మలం మామూలుగా గట్టిగా, ఆకారంతో ఉంటుంది. కడుపులో పుండు నుంచి రక్తం కారితే వచ్చే నలుపు వేరు. అది తారులా జిగటగా, మెరుస్తూ, పల్చగా వస్తుంది. ఎప్పుడూ లేనంత దుర్వాసన కొడుతుంది, నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. దాంతోపాటు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, గుండె దడ ఉండొచ్చు. మీకు మూడు రోజులకోసారి గట్టిగా వస్తోందంటే అది రక్తస్రావం లక్షణంలా లేదు. రక్తం పేగుల్లోకి ఎక్కువగా కారితే సాధారణంగా విరేచనం అవుతుంది కానీ మలబద్ధకం రాదు.

అయితే ఒక్కటి నన్ను అడగనివ్వండి. రోజంతా కూర్చుని చేసే పని కదా, నడుం నొప్పికో మోకాళ్లకో షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకుంటున్నారా? డైక్లోఫెనాక్ లాంటివి తరచుగా వాడేవాళ్లకు కడుపులో పుండు నిజంగానే పడొచ్చు. అలాంటి అలవాటు ఉంటే అవి ఈ రోజే మానేసి, మీ డాక్టర్‌కు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పైన చెప్పిన తారు లాంటి మలం కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మలబద్ధకం మాత్రం ఐరన్ తెచ్చిపెట్టిన బాధే. దీనికి మంచి ఉపాయం, రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకోవడం. ఇది బద్ధకస్తుల సలహా కాదు. ఒక మాత్ర వేసుకోగానే లివర్ నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. అది దాదాపు 24 గంటల పాటు పేగుల దగ్గర ఐరన్‌ను లోపలికి రానివ్వదు. కాబట్టి మర్నాడు వేసుకున్న మాత్రలో ఇంకా తక్కువ పట్టి, ఇంకా ఎక్కువ పేగుల్లో మిగిలిపోతుంది. ఒక రోజు విరామం ఇస్తే ప్రతి మాత్ర నుంచి ఎక్కువ పడుతుంది, పేగులకూ ఊపిరి ఆడుతుంది. మొత్తం మీద రక్తం పెరగడం కాస్త నెమ్మదిస్తుంది, మీ 9.4కి అది పెద్ద ఇబ్బంది కాదు. గర్భిణులూ, రక్తం మరీ తక్కువగా ఉన్నవాళ్లూ మాత్రం వాళ్ల డాక్టర్ చెప్పకుండా ఇలా మార్చుకోకూడదు. ఒక రోజు మర్చిపోయారని మర్నాడు రెండు వేసుకోవద్దు, పైన చెప్పిన కారణం వల్ల ఆ రెండోది వృథా.

మలం సాఫీగా రావడానికి నీళ్లు తాగడం అసలు మందు. ఫ్యాక్టరీలో బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని పని వేళల్లో నీళ్లు తాగని ఆడవాళ్లను చాలామందిని చూశాను, మీరూ ఆ జాబితాలో ఉంటే మార్చుకోండి. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగండి, ఐరన్ మాత్రతో కలిపి మాత్రం కాదు, రెండు గంటల తేడా ఉంచండి. దానికీ తగ్గకపోతే లాక్టులోజ్ సిరప్ వాడొచ్చు, అది అలవాటు పడిపోయే మందు కాదు.

ఇక విటమిన్ సి. ముందు మీ స్ట్రిప్ వెనక చూడండి. ఫెర్రస్ ఆస్కార్బేట్ అని ఉంటే అందులో విటమిన్ సి ఇప్పటికే ఉన్నట్టే, ఆస్కార్బిక్ యాసిడ్ అన్నా విటమిన్ సి అన్నా ఒకటే. ఫెర్రస్ సల్ఫేట్, ఫ్యూమరేట్ అని ఉన్నా విడిగా మాత్ర కొనాల్సిన పని లేదు. చైనాలో 440 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఐరన్ ఒక్కటే, ఇంకో గుంపుకు ఐరన్‌తో పాటు విటమిన్ సి ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో రక్తం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా పెరిగింది. విటమిన్ సి నిజంగా పనికొచ్చేది తిండి దగ్గర. తోటకూర, పప్పు, శనగల్లో ఉండే ఐరన్ ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, వాటి మీద నిమ్మకాయ పిండుకుంటే పట్టడం మెరుగవుతుంది. మాత్ర మింగడానికి నిమ్మరసం కావాలనిపిస్తే తాగండి, తప్పేం లేదు. ఆ డబ్బులు మాత్రం షాపు వాడికి ఇవ్వకండి.

మీ విషయంలో అసలు దొంగ టీ. టీలో ఉండే టానిన్లు ఐరన్‌ను పట్టుకుని వదలవు. పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్ మందులు కూడా అడ్డే. చోడి అంబలి ఒంటికి మంచిదే కానీ అందులోని కాల్షియం ఈ మాత్రకు సరిపడదు. అందుకే మాత్రను పొద్దున టీ, అంబలి వేళల నుంచి తప్పించండి. టిఫిన్ తిన్న రెండు గంటలకు, ఫ్యాక్టరీలో పదీ పదకొండు మధ్య నీళ్లతో మింగేయండి. ఆ తర్వాత ఒక గంట దాకా టీ వద్దు. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి, కాస్త తక్కువ పట్టినా ఫర్వాలేదు, అసలు మానేయడం కంటే నయం. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే రెంటికీ నాలుగు గంటల తేడా ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎన్నాళ్లు? మీ లెక్కే వేసి చూద్దాం. మీ రక్తాన్ని 8.2 నుంచి 13కి తీసుకెళ్లాలంటే మీ బరువుకు సుమారు 550 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అది రక్తంలోకి. దీనికి తోడు లివర్‌లో, ఎముక మూలుగలో ఉండాల్సిన నిల్వ ఖాళీ అయిపోయి ఉంటుంది, దాన్ని నింపడానికి ఇంకో 500. మొత్తం వెయ్యి దాటింది. మీ మాత్రలో 100 మిల్లీగ్రాముల ఐరన్ ఉందనుకుందాం, స్ట్రిప్ మీద ఎలిమెంటల్ ఐరన్ అని రాసి ఉండేది అదే. అందులో ఒంటికి పట్టేది పదో వంతు, అంటే 10. రోజూ సరిగ్గా పడితే రక్తానికే 55 రోజులు, నిల్వతో కలిపితే 105 రోజులు. ప్రతి నెలసరికి పోయేది మళ్లీ దీని మీద. మామూలు నెలసరిలో 15 నుంచి 20 మిల్లీగ్రాములు పోతాయి, ఎక్కువ రక్తస్రావం ఉంటే 40 దాటుతుంది. పైగా నిల్వ నిండుతున్న కొద్దీ మాత్ర నుంచి పట్టేది తగ్గుతూ వస్తుంది. అందుకే రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు వాడమంటాం. మొత్తం కలిపి మీకు అయిదారు నెలలు పడుతుంది.

ఆయాసం తగ్గగానే ఆపేస్తే ఏమవుతుంది? వంటింట్లో బియ్యం డబ్బా సగం నిండింది, గాదె ఖాళీగానే ఉంది. రెండు మూడు నెలసరులకే మళ్లీ మొదటికి వస్తారు. "ఐరన్ మాత్రలు నాకు పడలేదు, మూడుసార్లు వాడాను" అని వచ్చేవాళ్లలో చాలామంది మూడుసార్లూ నెల, నెలన్నరకే ఆపేసినవాళ్లే.

అయినా అయిదు వారాల్లో 1.2 మాత్రమే పెరగడం నాకు తక్కువనిపిస్తోంది. బాగా పట్టితే నాలుగు వారాల్లో సుమారు 2 పెరగాలి. టీ వల్లే అయి ఉండొచ్చు కాబట్టి, వేళ మార్చి ఇంకో నాలుగు వారాలు వాడి మళ్లీ టెస్ట్ చేయించండి. కనీసం 1 కూడా పెరగకపోతే కంపెనీ మార్చి ఇంకో స్ట్రిప్ కొనడం వల్ల లాభం లేదు, కారణం వెతకాలి. నెలసరి ఏడు రోజులు దాటుతోందా, గడ్డలు పడుతున్నాయా? అలా అయితే గైనకాలజిస్ట్ దగ్గర స్కానింగ్ చేయించాలి. చెప్పుల్లేకుండా తోటల్లో, పొలాల్లో తిరిగే అలవాటుంటే కొంకి పురుగులు ఉండొచ్చు, ఆల్బెండజోల్ 400 మాత్ర గురించి డాక్టర్‌ను అడగండి.

మీది పలాస కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీలు దెబ్బతింటే, ఎముక మూలుగను రక్తం తయారు చేయమని చెప్పే హార్మోన్ తగ్గిపోతుంది. అప్పుడు ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగదు. మొదట్లో కాళ్ల వాపు, మూత్రం తగ్గడం లాంటివేవీ కనిపించకపోవచ్చు. అందుకే వచ్చే నెల టెస్ట్‌తో పాటే సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ కూడా చూపించుకోండి. 2023లో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. మీరు నొప్పి మాత్రలు వాడుతుంటే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం, అవి కిడ్నీల మీద కూడా దెబ్బ కొడతాయి.

ఇవన్నీ బాగానే ఉండి రక్తం 12 దాటితే, అక్కడి నుంచి మూడు నెలలు రోజు విడిచి రోజు కొనసాగించి, చివర్లో ఒకసారి ఫెరిటిన్ పరీక్ష చేయించండి. నిల్వ ఎంత ఉందో చెప్పేది అదే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ అంకె లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, తగ్గాక రెండు మూడు వారాలు ఆగి ఇవ్వండి. 50 దగ్గరికి వస్తే మాత్రలు ఆపేయొచ్చు. నెలసరి అప్పటికీ ఎక్కువగానే ఉంటే ఆరు నెలలకోసారి రక్తం చూపించుకుంటూ ఉండండి.