రైతు నోట్లో మన మాట పెట్టొద్దు పాపా

పాపా,

నువ్వు పంపిన చెనిక్కాయ వార్త రాత్రే చదివినా. దాంతోపాటు పంపిన రికార్డింగు పొద్దున వాకింగ్‌లో రెండుసార్లు విన్నా. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తాండా, కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదువు.

నీ వార్తలో రైతు మాట ఇట్ల ఉంది: "వర్షాభావ పరిస్థితుల కారణంగా వేరుశనగ పంట పూర్తిగా దెబ్బతిని తాము తీవ్రంగా నష్టపోయామని, ప్రభుత్వం తక్షణమే స్పందించి తమను ఆదుకోవాలని రైతు ఆవేదన వ్యక్తం చేశారు." ఇప్పుడు రికార్డింగులో ఆయన అన్నది: "మూడెకరాలు వేసినానప్పా. మొదట్లో బాగుండె. ఊడ దిగే టయానికి వాన లేకపాయె. మొన్న పీకి చూస్తి, చెట్టుకు రెండు మూడు కాయలుండాయి, అవీ లొట్టలే. గొర్రెలకు తోలేస్తామనుకుంటాండాం. ఇన్సూరెన్సు వస్తాదంట, చూడాల."

రెండూ పక్కపక్కన పెట్టుకొని చూడు. ఆయన 'ఆదుకోవాల' అనలేదు, 'నష్టపోయినాం' అని గూడా అనలేదు. ఆయన చెప్పింది ఎన్నెకరాలు, వాన ఎప్పుడు ముఖం చాటేసింది, పీకితే ఏం కనపడింది, ఆ పంటను ఏం చేయబోతాడు, ఇంతే. అదంతా నువ్వు తీసేసి, కళ్యాణదుర్గం రైతుకైనా ఆదోని పత్తి రైతుకైనా కోడూరు అరటి రైతుకైనా సరిపోయే వాక్యం ఒకటి పెట్టినావు. చదివేవాళ్లకు అది రాసుకున్న మాట అని ఎందుకు తెలిసిపోతుందంటే అందులో చెనిక్కాయ చెట్టే లేదు.

ఈ తప్పు నేనూ చేసినా, అందుకే ఇంత గట్టిగా చెప్తాండా. కొత్తలో ఒక పేపర్లో పని చేసేటప్పుడు ఒక పెద్దాయన మాటల్ని బాగా చదువుకున్నోళ్ల మాటల్లా దిద్ది, కొటేషన్ మార్కుల్లో పెట్టి పంపినా, అట్లే అచ్చయింది. రెండు రోజులకు ఆ ఊరికి మళ్లా పోతే టీ అంగట్లో ఆయన కొడుకు ఆ పేపరు తీసి అందరి ముందరా చదివె, ఆ పెద్దాయన అంతా విని "నేను ఇట్ల అనలేదే నాయనా, ఇది ఎవురన్న్యారు?" అని నన్నే అడిగె. కోపం లేదు ఆయనకు, నిజంగానే తెలీక అడిగినాడు. ఆ పొద్దు నుంచి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే, రాసింది ఆ మనిషికి చదివి వినిపిస్తే 'ఔను, ఇట్లే అంటి' అనాల.

సరే, ఎట్ల రాయాలో చూద్దాం. మొదట కొటేషన్ మార్కుల సంగతి. ఆ మార్కుల్లో పెట్టినావంటే అవి ఆయన నోట్లోంచి వచ్చిన మాటలే కావాల. తీసేయొచ్చు గానీ చేర్చకూడదు. 'అదే... ఏమంటారు... అది' అని తడుముకున్నది తీసేయొచ్చు, రెండుసార్లు చెప్పింది ఒకసారి పెట్టొచ్చు. కానీ మొదట్లో అన్న ముక్కనూ చివర్లో అన్న ముక్కనూ కలిపి ఒకే వాక్యంగా కుట్టకూడదు, మధ్యలో మార్కులు మూసేసి నీ మాట ఒకటి వేసి మళ్లా తెరువు. 'ఊడ', 'లొట్ట' లాంటివి బయటి జిల్లా వాళ్లకు తెలీవనుకుంటే వాటి అర్థం మార్కుల బయట నీ గొంతుతో చెప్పు, పూత అయినాక పూమొదలు నుంచి భూమిలోకి దిగే కాడే ఊడ, అది మట్టిలోకి దిగితేనే కాయ కడుతుంది, గింజ లేని ఉత్త పొట్టు లొట్ట, అని. ఆయన మాటను మాత్రం మార్చొద్దు. అంత గుర్తుపెట్టుకోలేకపోతే మార్కులు వదిలేసి విషయం నీ మాటల్లో రాసెయ్, అందులో తప్పేం లేదు.

తర్వాత ఈ 'తాము', 'తమను', 'తాను'. ఇవి వార్తల్లో తప్ప ఇండ్లల్లో యాడా వినపడవు. మీ అమ్మ నిన్న ఫోన్లో నాతో ఏమనిందో తెల్సా, "మీ అల్లుడు ఆదివారం వస్తానన్యాడు" అనింది. వచ్చేది వాడు, చెప్తాండేది మీ అమ్మ, అయినా 'వస్తాను' అని వాని మాట వాని మాటగానే ఉండిపాయె, 'తాను' అవసరమే రాలేదు. తెలుగులో ఆ సులువు ఉంది, క్రియ చివర్నే ఎవరి మాటో తెలిసిపోతుంది. "ఈసారి జొన్న వేస్తామంటున్నారు" అంటే చాలు, "తాము ఈసారి జొన్న సాగు చేయనున్నామని తెలిపారు" అక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, నీ వార్తలో నిజంగా తప్పు జరిగింది ఇక్కడే. ఆయన "ఇన్సూరెన్సు వస్తాదంట, చూడాల" అన్నాడు. నువ్వు కింద "పంటల బీమా వస్తుందని రైతు ధీమా వ్యక్తం చేశారు" అని రాసినావు. ఆ 'అంట' యాడికి పాయె? 'అంట' అంటే ఆయన ఎవరో చెప్తే విన్నాడు, తనకు తెలీదు అని. 'చూడాల' అంటే నమ్మకం లేదని. ఆ రెండు మాటలు పోయేసరికి అనుమానం కాస్తా ధీమా అయిపోయింది. రికార్డింగు వినేటప్పుడు 'అంట', 'అనుకుంటా', 'ఏమో', 'చూడాల' లాంటివి వచ్చినప్పుడల్లా ఆపి నోట్‌బుక్‌లో గీత గీసుకో. ఆ మాట ఆయన చూసిందా, విన్నదా, ఊహించిందా అనేది వాటిల్లోనే ఉంటుంది. వేరేవి పోయినా వాక్యం అందం పోతుంది అంతే, ఇవి పోతే వార్తే తప్పు.

ఇంక చివర తగిలించే క్రియలు. అన్నారు, చెప్పారు, ఈ రెండు చాలు, ఒక వార్తలో పదిసార్లు వచ్చినా ఎవరికీ అడ్డం పడవు. మళ్లీ మళ్లీ వస్తాందని మార్చి మార్చి వేస్తామే, అక్కడ అర్థాలు చెడతాయి. 'వెల్లడించారు' అంటే అప్పటిదాకా దాచింది బయటపెట్టినారని, రైతు తన పొలం సంగతి చెప్తే అందులో దాచిందేముంది? 'స్పష్టం చేశారు' అంటే అంతకుముందు గందరగోళం ఉండాల. 'వాపోయారు' అంటే ఆయన ఏడుపు గొంతుతో చెప్పినట్టు, కానీ రికార్డింగులో ఆయన గొంతు ఎంత మామూలుగా ఉందో నువ్వే విను. ఏడ్చింటే ఏడ్చినారని రాయి, ఏం చేస్తా చెప్పినారో రాయి, క్రియలో దాచొద్దు. 'పేర్కొన్నారు' మాత్రం ఒకచోట పనికొస్తుంది. నీ వార్తలో వ్యవసాయాధికారి మాట ఉంది కదా, అది ఆయన నీతో అనలేదు, వాట్సాప్‌లో వచ్చిన ప్రెస్‌నోట్‌లోది. కాగితంలో ఉన్నదాన్ని "అన్నారు" అంటే అబద్ధం, "ప్రకటనలో పేర్కొన్నారు" అనో "రాసి పంపారు" అనో ఉండాల.

ఇంకొకటి, ఎవరు మాట్లాడుతున్నారో చివరిదాకా దాచొద్దు. తెలుగు వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి మనం నాలుగు 'అని'లు పేర్చి చివర్న మనిషిని తెస్తాం, చదివేవాడు అంతసేపు ఎవరి మాటో తెలీకుండా మోస్తాంటాడు. పెద్ద మాటయితే మొదటి ముక్క అయిపోగానే మనిషిని పెట్టెయ్, మిగిలింది ఆ తర్వాత రానీ. లేదంటే కట్ట మీద చెప్పుకునేటప్పుడు అంటామే, "ఆయన ఏమంటాడంటే" అని, ఆ పద్ధతి గూడా బాగుంటుంది.

యాస ఎంత ఉంచాల అని పోయినసారి అడిగినావు. నా పద్ధతి చెప్తా. మాటలు ఉంచు (చెనిక్కాయ, ఊడ, లొట్ట, తోలేస్తాం), వాక్యం నడక ఉంచు, 'బాగుండె', 'లేకపాయె', 'చూస్తి' లాంటి క్రియలు ఉంచు. పలుకుబడి మాత్రం అక్షరాల్లో మరీ సాగదీయొద్దు, 'వేసినా'ను 'ఏసినా' అని, 'చేను'ను 'సేను' అని రాయడం వద్దు. ఎందుకంటే అధికారి గూడా, నేను గూడా మాట్లాడేటప్పుడు కొన్ని అక్షరాలు మింగుతాం, మాది సరిచేసి రాసి రైతుది మాత్రం అట్లే రాస్తే ఆయన్ను చిన్నచూపు చూసినట్టవుతుంది. అట్లే అధికారికి 'అన్నారు', రైతుకు 'అన్నాడు' అని రాసే అలవాటు యాడైనా కనపడితే దిద్దెయ్, ఇద్దరికీ 'అన్నారు'.

ఇవన్నీ పెట్టుకొని నీ పేరా నేనైతే ఇట్ల రాస్తా:

మూడెకరాల్లో చెనిక్కాయ వేసిన ఆ రైతు మొన్న చెట్లు పీకి చూశారు. "మొదట్లో బాగుండె" అన్నారు, "ఊడ దిగే టయానికి వాన లేకపాయె." చెట్టుకు రెండు మూడు కాయలే ఉన్నాయి. "అవీ లొట్టలే. గొర్రెలకు తోలేస్తామనుకుంటాండాం." బీమా మాటెత్తితే "వస్తాదంట, చూడాల" అన్నారు.

నీ పేరాలో నష్టం అనే మాట ఉండె, ఇందులో ఆ మాట లేదు, కానీ గొర్రెలకు తోలడం ఏందో మన పక్క అందరికీ తెలుసు.

మనిషి గూడా ఒక్కోసారి పేపరు భాషలోనే మాట్లాడతాడు, ఫోను ముందర పెట్టగానే "ప్రభుత్వం స్పందించాల" అని మొదలుపెడతాడు. దానికి సగం కారణం మనం అడిగే ప్రశ్నే. "ప్రభుత్వం నుంచి ఏం కోరుకుంటున్నారు?" అంటే అట్లే వస్తుంది. "ఎప్పుడు విత్తినారు? ఆఖరి వాన ఎప్పుడు పడింది? పీకితే ఎన్ని కాయలుండాయి?" అని అడుగు, లేదంటే ఆయనతో చేనిలోకి నడువు, చెయ్యి చెట్టు మీద పడగానే మాట మారిపోతుంది. ఈ రికార్డింగులో గూడా మొదటి రెండు నిమిషాలు ఆయన బిగుసుకొనే ఉన్నారు, చెట్టు పీకిన చప్పుడు వినపడినాకే మంచి మాటలొచ్చినాయి. రికార్డింగుకు ఆయన ఒప్పుకున్నారో లేదో మాత్రం ముందే అడుగు, దాచిపెట్టి చేయొద్దు.

లీడర్ల ప్రెస్‌మీట్ల గురించి ఇప్పుడు రాయను, వాళ్లు రాసుకొచ్చిందే చదువుతారు, అందులో నీకు కావాల్సిన ఒక్క వాక్యం తీసుకొని మిగిలింది నీ మాటల్లో చెప్పెయ్.

ఇంకొక్క పని ఉంది. రికార్డింగు చివర్లో, నువ్వు థాంక్స్ చెప్పి ఆపబోయే ముందు, వెనక నుంచి ఒకామె గొంతు వస్తాంది, "గొర్లోల్లు గూడా అడగట్లే" అంటాంది. నీ వార్తలో ఆమె లేదు. ఆమె ఎవరో, ఆ మాట ఏ ఉద్దేశంతో అనిందో రేపు పోయి కనుక్కో, ఆ పేరా ఆమె మాట దగ్గర ఆపు.

మీ మామ
అనంతపురం