ఫ్రాంచైజీ అడ్వాన్సు కట్టే ముందు ఆ కంపెనీకే ఫోన్ చేయండి

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లో మాకు సొంత షట్టర్ ఉంది. పేరున్న ఐస్‌క్రీం కంపెనీ ఫ్రాంచైజీ ఇస్తామని ఈమెయిల్ వచ్చింది. ఆధార్, పాన్‌తో దరఖాస్తు పంపిన రెండో రోజే జీఎస్టీ నంబరు, ముద్రతో ఆమోదపత్రం పంపారు. శుక్రవారంలోగా రూ.55,000 రిజిస్ట్రేషన్ రుసుము కట్టాలట, తర్వాత తిరిగి ఇస్తారట. కట్టవచ్చా?

జవాబు: కట్టవద్దు. షట్టర్ వెడల్పు ఎంత, ఫ్రీజర్లకు సరిపడా కరెంటు ఉందా, వాళ్ల సరుకు బండి అక్కడికి వస్తుందా అన్నది చూడకుండా ఏ ఐస్‌క్రీం కంపెనీ అయినా రెండు రోజుల్లో తన పేరు మీ చేతిలో పెడుతుందా? నాకు అన్నిటికన్నా అనుమానం కలిగించింది ఆ తొందరే. ఇలాంటి మోసాల్లో మొదటి మొత్తంతో ఆగరు. ఒప్పందపత్రానికని, లైసెన్సుకని, యంత్రాలకని వరుసగా అడుగుతారు. ఫుడ్ లైసెన్సుకు మీ పేరుతో మీరే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

నిర్ధారణకు ఆ మెయిల్‌లోని ఫోన్ నంబరు గానీ లింకు గానీ వాడవద్దు. గూగుల్‌లో పైన ప్రకటనగా కనిపించే వెబ్‌సైట్ కూడా నకిలీది కావచ్చు. దగ్గరి దుకాణంలో అదే కంపెనీ ఐస్‌క్రీం డబ్బా ఒకటి కొనండి. దాని మీద కంపెనీ చట్టబద్ధమైన పేరు, చిరునామా, వినియోగదారుల ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటాయి. ఆ నంబరుకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: వరంగల్‌లో ఫ్రాంచైజీలు ఇస్తున్నారా, నాకు మెయిల్ పంపిన ఉద్యోగి మీ దగ్గర ఉన్నారా, డబ్బు కట్టమన్న ఈ బ్యాంకు ఖాతా మీదేనా. డబ్బా మీది ఈమెయిల్‌కు ఆమోదపత్రం కూడా పంపి రాతపూర్వక జవాబు అడగండి. మీకు వచ్చిన మెయిల్‌లో @ తర్వాతి భాగాన్ని డబ్బా మీదున్న దానితో అక్షరం అక్షరం పోల్చండి. అసలు పేరుకు గీత పెట్టి franchise అని తగిలించి ఉంటే అది వేరే సైట్ అని అనుమానించాలి.

జీఎస్టీ నంబరు సరిపోయిందని నమ్మవద్దు. అది ఎవరైనా చూడగలిగే సమాచారం, అసలు కంపెనీదే ఎత్తి అతికించి ఉండవచ్చు. ఖాతాదారు పేరు మాత్రం గట్టి ఆధారం. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు పంపే ముందు ఆ పేరు చూసే వీలు బ్యాంకులు కల్పిస్తున్నాయి. అక్కడ వ్యక్తి పేరో, డబ్బా మీద లేని మరో సంస్థ పేరో కనిపిస్తే వ్యవహారం అక్కడితో ఆపండి. పేరు కలిసినా కంపెనీ జవాబు వచ్చేదాకా రూపాయి కదపవద్దు.

మీ ఆధార్, పాన్ ఇప్పటికే వాళ్ల దగ్గర ఉన్నాయి. కాబట్టి ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేయండి. మీ పేరున తెలియని అప్పు ఏదైనా పుట్టిందేమో కొన్ని నెలలపాటు క్రెడిట్ రిపోర్టు చూస్తూ ఉండండి. ఈలోగా ఏమైనా కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకు ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. మెయిళ్లు, రసీదులు మాత్రం తొలగించకండి.