చెమట జాకెట్, బీపీ మాత్ర, నొప్పి మాత్ర: మూడూ కలిస్తే కిడ్నీకి ముప్పు

ప్రశ్న: నా వయసు 42, బరువు 92 కిలోలు. ఉండేది విశాఖపట్నం. కొవ్వు తగ్గాలని రోజూ సాయంత్రం నాలుగున్నరకు బీచ్ రోడ్డులో గంటసేపు వేగంగా నడుస్తూ, మధ్యమధ్యలో పరుగెడుతున్నాను. చెమట బాగా పట్టాలని ప్లాస్టిక్ జాకెట్ వేసుకుంటాను. ఒక్క పూటలో కిలోకు పైగా తగ్గుతోంది. పిక్కలు పట్టేసిన రోజు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. చెమటలో పోయే లవణాలకు ఏ ఎలక్ట్రోలైట్ పౌడర్ మంచిది?

జవాబు: పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు డైక్లోఫెనాక్ ఆపండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వడపోత ఆగకుండా కిడ్నీ తనను తాను కాపాడుకుంటుంది. లోపలికి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని వెడల్పు చేస్తుంది, బయటికి తీసుకెళ్లే నాళాన్ని బిగిస్తుంది. మొదటి పనిని నొప్పి మాత్ర అడ్డుకుంటుంది, రెండోదాన్ని టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఏమో ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపుతూనే ఉంటుంది. దానికి తోడు మీ చెమట. ఇలా వడపోత తగ్గి రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్నా చాలామందికి పైకి ఏమీ తెలియదు. మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్ర చిన్న విషయమని దయచేసి అనుకోకండి. పిక్క పట్టేస్తే కాలు చాపి, పాదాన్ని మీవైపు లాగి అర నిమిషం పట్టుకోండి. అయితే బీపీ మాత్రను మాత్రం సొంతంగా మానేయొద్దు. మోతాదు మార్చాలా అన్నది మీ డాక్టరే చూసి చెప్పాలి.

ఇక ఆ జాకెట్ తీసేయండి. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, చర్మం మీద ఆరితేనే చల్లబడుతుంది. విశాఖ గాలిలో అసలే తేమ ఎక్కువ. ప్లాస్టిక్ లోపల ఆరడానికి దారే లేదు. వేడి ఒంట్లోనే ఉండిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది, త్వరగా అలసిపోయి మీరు నడిచేదే తగ్గుతుంది. వదులైన, లేత రంగు, పలుచటి జాలీ టీషర్టు చాలు. కాటన్ ఇష్టమైతే వేసుకోండి, కానీ తడిసి బరువెక్కగానే మార్చండి.

పోయింది కొవ్వా, నీరా అన్నది తూకంతోనే తేలుతుంది. నడకకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని, బట్టల్లేకుండా తూగండి. ఉదాహరణకు 92 కిలోలు 90.8 అయింది, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగారు అనుకుందాం. అంటే పోయిన చెమట లీటరున్నర. ఆ గంటలో మీకు ఖర్చయ్యేది సుమారు 500 కేలరీలు, కొవ్వు లెక్కలో 60 గ్రాముల చిల్లర. మిగతాదంతా నీరే, తాగగానే తిరిగొస్తుంది. తూకంలో తేడా మీ బరువులో 2 శాతం, అంటే 1.8 కిలోలు, దాటకూడదు. మీలాంటి మందులు వాడేవాళ్లు ఒక కిలో లోపే ఉంచుకుంటే మేలు. తర్వాతి తూకం ముందు కంటే పెరిగితే అవసరానికి మించి తాగినట్టే. మీరు వాడే మాత్రతో సోడియం పడిపోయే వీలుంది కాబట్టి అదీ మంచిది కాదు.

నడకకు గంట ముందు ఒకటిన్నర గ్లాసు, మధ్యలో ప్రతి 20 నిమిషాలకు 150 మిల్లీలీటర్లు తాగండి. మిగతా లోటు తర్వాతి రెండు మూడు గంటల్లో భోజనంతో పాటు తీర్చుకోవచ్చు. గంట నడకకు మామూలు నీళ్లు, మామూలు తిండి సరిపోతాయి. లీటరు ఓఆర్ఎస్‌లోని సోడియం సుమారు 4.4 గ్రాముల ఉప్పుతో సమానం. రోజంతా కలిపి 5 గ్రాముల లోపే ఉండాలన్నప్పుడు, బీపీ ఉన్న మీకు రోజువారీ పౌడర్ ఎందుకు? గంటన్నర దాటి చెమటోడ్చిన రోజున, మీ డాక్టర్ సరేనంటే, లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపండి. గ్లాసులో సగం ప్యాకెట్ పోసుకోవడం ప్రమాదం. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ పొటాషియాన్ని పెంచగలదు కాబట్టి పరీక్ష అయ్యేదాకా రోజూ తాగకండి.

వేళ మార్చండి. తెల్లవారుజామున తేమ ఎక్కువే అయినా ఎండ ఉండదు, రోడ్డు చల్లారి ఉంటుంది. అయిదు నుంచి ఆరు వరకు నడవండి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం తగ్గించండి. వారం విరామం వస్తే సగం సమయంతో మొదలుపెట్టండి, ఆ విరామంలో ఒంటికి వేడి అలవాటు కొంత తప్పుతుంది.

ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించి, కూర్చుని, నిలబడి బీపీ చూపించుకోండి. రిపోర్టు వచ్చేదాకా పరుగు వద్దు. నడకలో తల తిరిగినా, ఎండలో చలిగా రోమాలు నిక్కబొడుచుకున్నా అక్కడికక్కడే ఆపి నీడకు వెళ్లండి. మాట తడబడితే, మనిషి తికమకపడితే అది వడదెబ్బ. ఇంకా చెమట పడుతోంది కదా అని ఆగొద్దు, వ్యాయామంలో వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.