మురుకుల రుచి ప్రతి బ్యాచ్‌కి మారుతుంటే ముందు పిండిలో తడి చూడండి

ప్రశ్న: జడ్చర్ల దగ్గర నేను, మా ఆవిడ, ఇంకో ముగ్గురు కలిసి మురుకులు చేసి ప్యాకెట్లు వేస్తున్నం. కొలతలన్నీ ఒక్కటే, చేసేటోళ్లు కూడా వాళ్లే. అయినా షాపుల నుంచి ఒకసారి ఉప్పెక్కువైందంటరు, ఒకసారి గట్టిగున్నయంటరు, ఒకసారి మెత్తబడ్డయంటరు. ప్రతి బ్యాచ్ ఒకే రుచి రావాలంటే ఏమేం చెక్ చేసుకోవాలి? చెక్‌లిస్ట్ లాంటిది ఎవరన్న చెప్పగలరా?

జవాబు:

మాది నల్గొండ దగ్గర చిన్న యూనిట్, మురుకులు, సకినాలు, కారప్పూస చేస్తం. మీరు చెప్పిన మూడు కంప్లైంట్లూ మాకు వచ్చినయి. సకినాల సంగతి వేరే, అందుకే మురుకుల గురించే చెప్తున్న.

ఒక వానాకాలం గడియారం సెంటర్ దగ్గర మేం వేసే ఒక షాపాయన వరసగా రెండు లాట్లు వాపస్ పంపిండు, ఉప్పు కషం అయిందని. నేను పోయి ఉప్పు జోకే అమ్మాయిని అడిగిన, ఆమె కళ్లల్ల నీళ్లు పెట్టుకుని "అక్కా, 220 గ్రాములే జోకిన, కావాలంటే నా ముందట మళ్ల జోకు" అన్నది. జోకి చూస్తే నిజంగనే 220. తూకం మిషన్ మీద తూకంరాయి పెట్టి చూసినం, అదీ కరెక్టే. ఆ అమ్మాయిని అనవసరంగ అన్నందుకు ఇప్పటికీ బాధైతది. తప్పు ఉప్పుల లేదు, బియ్యప్పిండిల ఉన్నది.

మేం బియ్యం కడిగి నానబెట్టి, బట్ట మీద ఆరబోసి గిర్నికి పంపుతం. ఎండాకాలం అయితే బియ్యం మంచిగ ఆరుతది, పిండి వచ్చినంక ఇంకోసారి ఆరబెడతం కాబట్టి 100 గ్రాముల పిండిల 12 గ్రాముల దాకా నీళ్లుంటయి. వానాకాలం ఫ్యాన్ కింద ఎంత ఆరబోసినా 18, 20 దాకా ఉండిపోతది, చేత్తో ముట్టుకుంటే పెద్దగ తేడా తెల్వదు. ఇప్పుడు లెక్క చూడండి. 12 తడి ఉన్న పిండి 10 కిలోలు అంటే అందుల అసలు పిండి 8 కిలోల 800 గ్రాములు. 20 తడి ఉన్న పిండి అదే 10 కిలోలు జోకితే అసలు పిండి 8 కిలోలే. వేగేటప్పుడు నీళ్లు దాదాపు అన్నీ పోతయి, ఉప్పు మాత్రం అట్లనే మిగులుతది. అంటే ఎండాకాలం కిలో ఎండు పిండికి 25 గ్రాముల ఉప్పు పడ్డది, వానాకాలం 27న్నర గ్రాములు. మినపపిండి, పుట్నాలపిండి కలుస్తయి కాబట్టి తేడా కొంచెం తగ్గుతది గానీ నాలుకకు తెలుస్తది. కారం, ఓమ కూడా అదే లెక్కన పెరుగుతయి.

కాబట్టి నా చెక్‌లిస్టుల మొదటి గీత ఉప్పు కాదు, పిండిల తడి. దీనికి ఖరీదైన మిషన్ ఏం అక్కర్లేదు. బస్తా పైనుంచి కాకుండ నడుమ నుంచి పిండి తీసి 100 గ్రాములు జోకుతం. ఒక వెడల్పాటి కడాయిని ముందే ఖాళీగ జోకి పెట్టుకోవాలి. పిండిని అందుల పల్చగ పరిచి సన్న సెగ మీద రంగు మారకుండ కలుపుకుంట పది నిమిషాలు వేడి చేయాలి, దించి మూత పెట్టి కొంచెం చల్లారనిచ్చి కడాయితో సహా జోకాలి. వేడి కడాయి నేరుగ మిషన్ మీద పెడితే మిషనూ పాడైతది, లెక్కా తప్పుతది. మళ్ల మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి జోకండి, ఇగ తగ్గుత లేదంటే అయిపోయినట్టు. తగ్గినన్ని గ్రాములే తడి. ఒక గ్రాము అటు ఇటు వస్తది, మనకది చాలు. పిండి మాడిందంటే మాత్రం ఆ లెక్క పనికిరాదు, మళ్ల చేయాల్సిందే.

తడి తెలిసినంక ఏం చేయాలె? మా కొలత 10 కిలోల బియ్యప్పిండి, కిలో వేయించిన మినపపిండి, కిలో పుట్నాలపిండి, 220 గ్రాముల ఉప్పు, 150 కారం, 200 నువ్వులు, 50 ఓమ, 600 గ్రాముల కాగిన నూనె, ఏడున్నర లీటర్ల నీళ్లు. ఇది 12 తడి పిండికి. పిండి 20 తడి వచ్చిందనుకోండి, అసలు పిండి 8 కిలోల 800 రావాలంటే 11 కిలోలు జోకాలి. దాంట్ల నీళ్లు 2 కిలోల 200 గ్రాములు ఉన్నయి, మామూలుగ 1 కిలో 200 ఉండేది, అంటే ఒక కిలో నీళ్లు పిండితోనే వచ్చేసినయి. అందుకని కలిపే నీళ్లు ఏడున్నరకు బదులు ఆరున్నర లీటర్లు. ఉప్పు, కారం, పప్పుల పిండ్లు ఏవీ ముట్టొద్దు. మా దగ్గర 10 నుంచి 20 తడి దాకా ఎంత పిండి, ఎన్ని నీళ్లు అన్న పట్టిక అట్ట మీద రాసి గోడకు కొట్టినం, లెక్క రాని వాళ్లు కూడా చూసి జోకుతరు.

ఉప్పు, కారం పొడి పిండిల కలపొద్దు, కొన్ని గోరువెచ్చని నీళ్లల్ల కరగ్గలిపి పోయాలి, లేకుంటే ఒకే బ్యాచ్‌ల ఒక మురుకు ఉప్పగ ఒకటి చప్పగ అయితది. ఇంకోటి, గిన్నెతో, గిలాసతో ఉప్పు కొలవొద్దు. దొడ్డుప్పు గిలాసకు, సన్నుప్పు గిలాసకు బరువు వేరే. పిండి కూడా ఒక్కసారే అంతా తడపకండి. తడిపిన పిండి గంటసేపు ఉంటే పైన ఆరుతది, గొట్టంల నుంచి విరుగుకుంట వస్తది, అప్పుడు చేసేటోళ్లు ఎవరికీ చెప్పకుండ నీళ్లు చల్లుతరు. గట్టిదనం మారేది ఇక్కడనే. మేం మూడు భాగాలు చేసి ఒకటి అయినంక ఒకటి తడుపుతం, తడి బట్ట కప్పుతం.

బియ్యం మారినా తేడా వస్తది. కొత్త బియ్యం నీళ్లు తక్కువ పీల్చి జిగటగ అయితయి, పాత బియ్యం ఎక్కువ అడుగుతయి. మిర్యాలగూడ మిల్లు నూక తెచ్చినా ఇంకేదన్న తెచ్చినా, బస్తా మారిన రోజు ముందు ఒక కిలోతో చేసి చూసి, నీళ్లు ఎన్ని పట్టినయో రాసుకున్నాకనే పెద్ద బ్యాచ్ వేస్తం.

ఇగ నూనె. మెత్తబడ్డయి అన్న కంప్లైంట్ మాకు ఎక్కువ ఇక్కడనే దొరికింది. డయల్ థర్మామీటర్ కొనండి, పొడుగు కడ్డీ ఉన్నది, మొన నూనెల మునగాలి కానీ కడాయి అడుగును తాకొద్దు. దూరం నుంచి చూపించే గన్ మాకు అక్కరకు రాలే, ఆవిరి, నురగ ఉంటే తప్పు చూపిస్తది. మేం 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేస్తం, వేయంగనే 160 దాకా పడిపోతది, మళ్ల లేస్తది. మా కడాయికి వాయకు 12 మురుకులే. అర్జెంటుందని 18 వేస్తే వేడి బాగ పడిపోయి నూనె పీలుస్తయి. 190 మీద వేస్తే పైన ఎర్రగైతయి, లోపల తడి ఉండిపోయి మూడో రోజుకు మెత్తబడతయి. సిలిండర్ అయిపోవస్తుంటే మంట మీకు తెల్వకుండనే తగ్గుతది, అందుకే ప్రతి వాయకు ముల్లు చూడాలి. తీసే టైం గడియారం చెప్పదు, నురగ పడిపోయి చప్పుడు సన్నగైనప్పుడు తీయాలి. పాత నూనె అయితే నురగ తగ్గదు, తొందరగ పొగ వస్తది, రుచిల కనరుతనం తెలుస్తది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ ప్రకారం నూనె మళ్లమళ్ల కాగితే పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడొద్దు, చూసుకునేందుకు టెస్ట్ స్ట్రిప్స్ దొరుకుతయి.

నాకు అన్నిటికన్న నమ్మకమైన చెక్ ఏదంటే, వేగిన మొత్తం మాల్ చల్లారినంక ఒక్కసారి జోకడం. పైన చెప్పిన కొలతకు మాకు 15 కిలోలకు దగ్గర్ల వస్తయి. లోపల ఎండు పిండి ఎప్పుడూ ఒకటే పడుతున్నప్పుడు, 15 రావాల్సింది 16 వచ్చినయంటే ఆ ఎక్కువ కిలో నూనె అన్న అయ్యుండాలి నీళ్లన్న అయ్యుండాలి, ఇంకోటి కావడానికి లేదు. ఒక మురుకు విరిచి తెల్లని టిష్యూ మీద పెట్టి నొక్కండి, మచ్చ ఎప్పటికన్న పెద్దగైతే నూనె. మచ్చ మామూలుగనే ఉండి, విరిస్తే టక్కుమనకుండ వంగినట్టైతే తడి. తడి అయితే సన్న సెగ మీద మళ్లొక్కసారి వేయించి కాపాడొచ్చు, నూనె పీలిస్తే ఏం చేయలేం. అది ప్యాకెట్లల్లకు పోనియ్యం.

రుచి పరీక్ష తెల్లారి పొద్దున పెట్టుకోండి, వేడి మీద ఉప్పు సరిగ తెల్వది. మంచిగ వచ్చిన బ్యాచ్‌ల నుంచి కొన్ని ప్యాకెట్లు సీల్ చేసి పక్కన పెడతం, రెండు వారాలకొకసారి మారుస్తం, ఎందుకంటే అవి కూడా పాతబడతయి. నలుగురికి మూడేసి ముక్కలు ఇస్తం, రెండు ఆ పాత ప్యాకెట్‌వి, ఒకటి కొత్తది, ఏది వేరేదో చెప్పమంటం. చాయ్, వక్క వేసుకున్నోళ్లకు ఇయ్యం. నలుగురిల ఒక్కరు చెప్పిండ్రంటే అది ఊహ కూడా కావొచ్చు, ముగ్గురు కరెక్టుగ పట్టిండ్రంటే తేడా ఉన్నట్టే, ఆ రోజు లాట్ ఆపి నోటుబుక్కు తెరుస్తం.

ఆ బుక్కుల ఒక రోజు పేజీ ఇట్లుంటది: బ్యాచ్ నంబర్ (ప్యాకెట్ మీద కొట్టేది కూడా అదే), బియ్యం బస్తా ఏది, తడి 16, పిండి 10 కిలోల 480, నీళ్లు 7 లీటర్లు, కారం కొత్త ప్యాకెట్, నూనె మూడో రోజు, వేసేటప్పుడు 175, మొత్తం మాల్ 15 కిలోల 100, రుచి సరే, చూసినోళ్ల సంతకం. దీంట్ల "కారం కొత్త ప్యాకెట్" అన్న గీత మాత్రం మరిచిపోకండి. మిర్చి లాట్ మారితే అదే 150 గ్రాములు ఎంత ఘాటు ఇస్తదో ఏ తూకమూ చెప్పదు, అందుకే పాత కారం ఒక పావుకిలో పక్కన దాచి, కొత్తది వచ్చిన రోజు రెండిటితో చెరో అరకిలో పిండి కలిపి వేయించి పక్కపక్కన తిని చూసినాకనే ఎన్ని గ్రాములు వేయాల్నో రాస్తం.